ద్వారకానగర్‌లో వయసు పెరగదు

భూమ్మీద ఎక్కడున్నా మనిషికి ఏడాదికో ఏడు చొప్పున వయసు పెరుగుతుంది. విశాఖపట్నం ద్వారకానగర్‌లో మాత్రం పెరగదు. అక్కడ ఏ కోచింగ్ సెంటర్ మెట్లెక్కినా సరే, కౌన్సెలర్ ఎదుట కుర్చీలో కూర్చోగానే అభ్యర్థి వయసు ఆగిపోతుంది. ఫీజు కట్టి రసీదు తీసుకునేదాకా ఆగే ఉంటుంది. వైద్యశాస్త్రం ఇంత గొప్ప విషయాన్ని ఇంకా గుర్తించకపోవడం విచారకరం.

నమ్మనివాళ్ల కోసం ఒక ఉదాహరణ. గాజువాక నుంచి ఒక తల్లి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. సివిల్స్ కోచింగ్, 2026 జూన్ బ్యాచ్. "వయసెంత?" అన్నాడు కౌన్సెలర్. "ముప్పై సార్" అన్నాడు కుర్రాడు. "జనరల్‌కే ముప్పైరెండు దాకా ఉంది. ఇంకా రెండేళ్లు! టెన్షన్ పడకండి" అంటూ ఫారం ముందుకు జరిపాడాయన. ముప్పైరెండులోంచి ముప్పై తీసేస్తే రెండే కదా. ఆర్యభట్టుడు కూడా తప్పు పట్టలేడు.

తప్పు పట్టేది యూపీఎస్సీ. సివిల్స్‌కి ఇరవై ఒకటి నిండి ఉండాలి, ముప్పైరెండు నిండకూడదు. అదీ ఫీజు కట్టిన రోజుకి కాదు, పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1కి. దరఖాస్తులు ఏడాది మొదట్లోనే ముగిసిపోతాయి కాబట్టి జూన్‌లో చేరినవాడు రాసేది మరుసటి ఏడాది పరీక్షే. అంటే మనవాడి లెక్క 2027 ఆగస్టు 1కి చూడాలి. జనరల్‌లో రాయాలంటే 1995 ఆగస్టు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. కుర్రాడి టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నది 1995 జులై 1. మే నెలలో ప్రిలిమ్స్ జరిగే రోజుకి అతనికి ఇంకా ముప్పైఒకటే ఉండొచ్చు, దాంతో పనిలేదు. ఆగస్టు 1కి ముప్పైరెండు నిండి నెలరోజులు దాటింది. కౌన్సెలర్ చెప్పిన రెండేళ్లలో అతనికి మిగిలింది సున్నా.

ఇక్కడ తల్లి కలగజేసుకుంది. "అది రైటు కాదు బాబూ. మావోడు పుట్టింది దీపావళికి. బళ్లో ఏసినప్పుడు మాస్టారు జులై ఒకటని రాసేసారు." ఆవిడ మాట అక్షరాలా నిజం కావచ్చు. బడి తెరిచేనాటికి పిల్లాడికి అయిదేళ్లు నిండాలి కాబట్టి మాస్టార్లు జూన్‌లోనో, జులైలోనో చేతికొచ్చిన తేదీ వేసేవారు. మన రికార్డులు చూసిన విదేశీ పరిశోధకుడెవరైనా, ఆంధ్రదేశంలో ఆడవాళ్లు బళ్లు తెరిచే సీజన్‌లోనే ప్రసవిస్తారని సిద్ధాంతం రాసెయ్యగలడు. దీపావళి లెక్కన చూస్తే కుర్రాడికి అర్హత ఉంది. కానీ ఢిల్లీవాళ్లు ముందుచూపు ఉన్నవాళ్లు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ తప్ప జాతకాలు, అఫిడవిట్లు, మునిసిపాలిటీ జనన పత్రాలు ఏవీ చెల్లవని నోటిఫికేషన్‌లో పేరుపేరునా రాసిపెట్టారు. జాతకం చెల్లదని భారత ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్న చోటు నాకు తెలిసి ఇదొక్కటే. దరఖాస్తులో ఒకసారి ఇచ్చిన తేదీని తర్వాత మార్చనివ్వరు కూడా.

జనరల్ తలుపు మూసుకుంటే కౌన్సెలర్ ఇంకో తలుపు తీస్తాడు. "మీరు బీసీయే కదా? అయితే ముప్పైఅయిదు దాకా ఉంది, తొమ్మిది అటెంప్టులు!" ఇందులో సగం సత్యం ఉంది. సగం సత్యానికి ఫీజు పూర్తిగా కట్టాలి, అదే తేడా. ముప్పైఅయిదూ, తొమ్మిదీ కేంద్ర ఓబీసీలకు. మన బీసీ ఏ, బీ, సీ, డీ, ఈ గ్రూపులు రాష్ట్ర జాబితాలోవి. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండాలని లేదు. చూడాలంటే ncbc.nic.in లో ఆంధ్రప్రదేశ్ పేరు కింద కులం పేరు వెతకాలి. అక్కడ దొరికినా క్రీమీలేయర్ కిందికి రాకూడదు, సర్టిఫికెట్ కేంద్రం చెప్పిన నమూనాలోనే ఉండాలి, అదీ నోటిఫికేషన్ చెప్పిన గడువులోపు తీసుకున్నదై ఉండాలి. రాష్ట్ర ఉద్యోగాలకి పనికొచ్చిన బీసీ కాగితం ఇక్కడ సరిపోదు. ఈడబ్ల్యూఎస్ వాళ్లు మరీ మోసపోతుంటారు. వాళ్లకి సివిల్స్‌లో రిజర్వేషన్ ఉంది గానీ వయసులో ఒక్క రోజు సడలింపు లేదు. అటెంప్టులూ జనరల్ వాళ్లలాగే ఆరే.

అటెంప్టు అనేది కూడా ద్వారకానగర్‌లో ఒకలా, ఢిల్లీలో ఒకలా ఉంటుంది. "ఈసారి ఊరికే అనుభవం కోసం రాసెయ్యండి" అని ఇక్కడ సలహా ఇస్తారు. ఢిల్లీ ఖాతాలో ఊరికే అనే పద్దు లేదు. దరఖాస్తు పెట్టి హాలుకి వెళ్లకపోతే అటెంప్టు కాదు. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపరుకి కూర్చున్నా అయినట్టే. పొద్దున్న జనరల్ స్టడీస్ రాసి, తలనొప్పిగా ఉందని మధ్యాహ్నం పేపరు ఎగ్గొట్టి ఆర్కే బీచ్‌కి పోయినవాడికి గాలి దక్కుతుంది గానీ అటెంప్టు తిరిగి రాదు. ఎస్సీ, ఎస్టీలకు మాత్రం ముప్పైఏడు నిండనంతవరకు లెక్క లేదు.

ఒక పరీక్ష రూలు ఇంకో పరీక్షకి అతికించడం మరో విద్య. "నీట్‌కి వయసు పరిమితి తీసేశారు, తెలీదా?" అంటారు. నీట్‌కి తీసేశారు, సరే. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కి వరుసగా రెండేళ్లలో రెండుసార్లే. 2024 నవంబరు 5న మూడుసార్లు అన్నారు, 18న మళ్లీ రెండే అన్నారు. ఆ మధ్యలో ఎవరో తీసిన స్క్రీన్‌షాట్ మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా చిరంజీవిగా తిరుగుతుంటే ఆశ్చర్యం లేదు.

డిగ్రీ సంగతి త్వరగా ముగిద్దాం. ఫైనలియర్ వాళ్లు ప్రిలిమ్స్ రాయొచ్చు. మెయిన్స్ దరఖాస్తు నాటికి పాసైన రుజువు కావాలి. మూడో సెమిస్టర్‌లో మిగిలిపోయిన ఒక్క బ్యాక్‌లాగ్ ఆ రోజుకి కొండంత అవుతుంది. "డిగ్రీ అయ్యాక చూసుకుందాం లెండి" అనే కౌన్సెలర్ ఆ పరీక్షకి ఫీజు కట్టడు.

పరీక్ష ఫీజు వంద రూపాయలు. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి అదీ లేదు. అసలు పెద్ద ఖర్చు కోచింగ్‌ది, కాబట్టి తనిఖీ అంతా దానికి ముందే జరగాలి. upsc.gov.in లో తాజా సివిల్స్ నోటిఫికేషన్ తెరిచి, వయసు, అటెంప్టుల పేరాలు రెండూ చదివి, మీరు రాయబోయే ఏడాదికి సరిపడేలా తేదీని ముందుకు జరుపుకోండి. పక్కన టెన్త్ సర్టిఫికెట్ పెట్టుకోండి. ఆధార్ కాదు. ఆ ఏడాది నోటిఫికేషన్ వచ్చాక మళ్లీ చూసుకోవాలి, రూల్స్ మారొచ్చు.

అప్పుడు కౌన్సెలర్ దగ్గరికి వెళ్లి, "ఈ అభ్యర్థి 2027 పరీక్షకు అర్హుడు, కాకపోతే ఫీజు వాపసు" అని రసీదు మీద రాసి సంతకం పెట్టమని అడగండి. మర్యాదగా, నవ్వుతూనే అడగండి. సరిగ్గా అప్పుడే ఆయనకి ఫోను వస్తుంది.