వేగిందా, మాడిందా?

పద్మ: ఏవండీ, ఎవరికండీ ఆ ఫొటో పంపుతున్నారు?

రమణ: తమ్ముడికి. ఓవెన్‌లో నేను స్వయంగా కాల్చిన బంగాళాదుంపలు. రంగు చూడు!

పద్మ: చూశాను. బొగ్గుల బస్తా ఎక్కడ కొన్నారా అనుకున్నాను.

రమణ: ఎర్రగా కాలితేనే రుచి.

పద్మ: ఆ ఎరుపు దాటాకే చిక్కు. దుంపలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి. పైన తడి ఆరి, వేడి 120 డిగ్రీలు దాటిందంటే ఇవన్నీ కలిసి ఆ రంగూ, ఆ వాసనా తెస్తాయి. పనిలో పనిగా అక్రిలమైడ్ అనే చెడ్డ రసాయనాన్ని కూడా పుట్టిస్తాయి.

రమణ: అంటే రుచీ, అదీ కవలపిల్లలా?

పద్మ: అంతే. ఉడకబెట్టిన దుంపకు ఆ బాధ లేదు. నీళ్లు 100 దగ్గరే ఆగిపోతాయిగా.

రమణ: మా అమ్మ ఇన్నాళ్లూ వేయించి పెట్టింది. ఒక్కరూ ఏమీ అనలేదే!

పద్మ: తిండిలో ఇది ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టిందే 2002లో. ఎలుకలకు ఎక్కువ మోతాదులో పెడితే కేన్సర్ వచ్చింది. మనుషుల్లో మాత్రం తిండితో ముడి గట్టిగా తేలలేదు. ఒక్క పళ్లేనికి ఏమీ కాదు, రోజూ ఇలా తినొద్దంటున్నాను.

రమణ: హమ్మయ్య! ఇంతకీ ఎంత ముదిరితే ఎక్కువ?

పద్మ: గీత గీసినట్టు ఉండదు. రంగు ముదిరేకొద్దీ అదీ పెరుగుతుంది, బంగారు పసుపు దగ్గర దించెయ్యాలి. ఏదీ, ఫొటో పెద్దది చెయ్యండి... ఈ అంచు ముక్క కాఫీ గింజలా లేదూ?

రమణ: అదంతా పసుపు బల్బు మాయ!

పద్మ: సరే, తెల్ల పళ్లెం కూడా పచ్చగానే పడింది. ఆ మేరకు శిక్ష తగ్గిస్తా. కానీ ఒకే వెలుగులో, పక్కపక్కన, లావు ముక్క పసుపు, సన్న ముక్క నలుపు! అది బల్బు పనా, మీ కత్తి పనా? సన్నవి ముందే ఆరిపోయి మాడాయి.

రమణ: అంత తెలిస్తే ఫొటో చూసి ఎన్ని మైక్రోగ్రాములో చెప్పు మరి!

పద్మ: అది ల్యాబ్ చెప్పాలి. చక్కెర ఎక్కువున్న దుంప ఇంకా త్వరగా రంగెక్కుతుంది కూడా. ఈసారి ముక్కలన్నీ ఒకే లావున కోసి, అరగంట నీళ్లలో వేసి, తుడిచి పెట్టండి. పైనున్న చక్కెర కొంత నీళ్లలోకి పోతుంది.

రమణ: టోస్టు మాడితే గీకేస్తాగా, వీటినీ గీకేస్తే?

పద్మ: గీకితే కొంత పోతుంది. మీరు గీకే తీరుకు టోస్టు కూడా పోతుంది.

(ఫోను మోగింది.)

రమణ: చూశావా, తమ్ముడు మెచ్చుకున్నాడు!

పద్మ: ఏమన్నాడు?

రమణ: ...‘ఖర్జూరాలు బాగున్నాయి అన్నయ్యా’ అన్నాడు.