సవరణ: అన్ని నోరుజారుళ్లూ ఒక్క చోటివి కావు

“‘పాలు కాచావా’ బదులు ‘కాలు పాచావా’ అనడం, ‘తలుపుకి తాళం వేశావా’ బదులు ‘తాళానికి తలుపు వేశావా’ అనడం ఒకే రకం తప్పు అన్నారు. నిజమేనా?”

కాదు, పొరపాటు నాదే. మాట నోట్లోంచి వచ్చేలోపు మనసులో అది కొన్ని దశల్లో తయారవుతుంది. రెంటినీ ఒకే దశలో పెట్టేశాను.

మొదటిదాంట్లో మారింది ప, క శబ్దాలే. ఆ శబ్దాలున్న మాటల్లో ఒకటి నామవాచకం, ఇంకోటి క్రియ అయినా, అవి పక్కపక్కన ఉంటే చాలు. రెండోదాంట్లో మాటలే చోట్లు మార్చుకున్నాయి, రెండూ నామవాచకాలే. ఈ తేడాను ఇంగ్లిష్ తప్పుల్లో చూసి 1975లో మెరిల్ గారెట్ అనే భాషా మనస్తత్వవేత్త రెండు దశలు ప్రతిపాదించాడు: ముందు ఏ మాట ఏ పాత్రలో ఉండాలో తేలుతుంది, తర్వాతే శబ్దాలు వరుసలో కూర్చుంటాయి.

మన ఉదాహరణలో ఇంకో ముచ్చట ఉంది. ‘కి’ తన చోట అలాగే ఉండిపోయింది. పైగా అక్కడికొచ్చిన తాళం ‘తాళంకి’ కాలేదు, బుద్ధిగా ‘తాళానికి’ అయింది. అంటే మాటలు తారుమారయ్యాకే వాటి రూపం కుదిరిందన్నమాట.

‘గ్రిజ్లీ’, ‘గాస్ట్లీ’ కలిసి ‘గ్రాస్ట్లీ’ అయినట్టు రెండు మాటలు అతుక్కోవడాన్నీ స్పూనరిజం అన్నాను. అదీ తప్పే, స్పూనరిజం అంటే ‘కాలు పాచావా’లోలా రెండు మాటల శబ్దాలు చోట్లు మార్చుకోవడం. ‘గ్రాస్ట్లీ’లో మాత్రం ‘భయంకరం’ అనే ఒకే అర్థానికి రెండు మాటలు పోటీపడ్డాయి, ఏదీ తప్పుకోలేదు.

ఒక్క జాగ్రత్త: ఇలాంటి ఉదాహరణలు చెవిన పడ్డప్పుడు రాసుకున్నవి. చిన్న శబ్దం జారితే మన చెవే దాన్ని సరిచేసుకుంటుంది. అందుకే ఏ రకం ఎంత తరచుగా వస్తుందో ఇలా పోగేసిన వాటితో తేల్చడం కష్టం.