అడిగితేనే మచ్చ మీద చెయ్యి వేయాలి

నల్లగొండలో ఏ స్టూడియోలో పెళ్లి ఆల్బమ్ చేయించినా అడగకుండానే జరిగే పని ఒకటుంది. అదే ముఖం నున్నగా చేయడం. మొటిమలు, చెమట మెరుపు, కళ్ల కింద నలుపు అన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. దీని మీద నాకు పెద్దగా పేచీ లేదు. మొటిమ వారంలో ఎలాగూ పోయేదే. కానీ పుట్టుకతో వచ్చిన మచ్చ, కాలిన గుర్తు, కుట్లు పడ్డ గీత అలాంటివి కావు. అవి ఆ మనిషితోనే ఉంటాయి. వాటిని అడగకుండా తీసేస్తే ‘నీ ముఖంలో ఇది బాగాలేదు’ అని మనమే తేల్చి చెప్పినట్టు. ఆ మాట చెప్పే హక్కు ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చున్నవాడికి లేదు.

మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెళ్లికూతురి విషయమే చూద్దాం. కణత నుంచి ఎడమ చెంప మీదుగా దవడ దాకా ముదురు ఎరుపు మచ్చ ఉంది. డాక్టర్లు దీన్ని పోర్ట్ వైన్ స్టెయిన్ అంటారు. చర్మం కింది సన్నని రక్తనాళాలు వెడల్పుగా ఉండటంతో పుట్టుకతోనే వచ్చే మచ్చ ఇది. ఆల్బమ్ మాట్లాడటానికి వచ్చినప్పుడు వాళ్లమ్మ ముందే అందుకుంది: ‘జర అది కనవడకుండ చెయ్యి కొడుకా.’ అమ్మాయి ఏమీ అనలేదు. మన దగ్గర ఆ మౌనాన్నే ఒప్పుకోలుగా రాసుకుంటారు. ఫోటోలు సెలెక్ట్ చేయడానికి అమ్మాయి ఒక్కతే కూర్చున్నప్పుడు ‘ముఖం మీద ఏమైనా మార్చమంటావా, ఉన్నదున్నట్టు ఉంచమంటావా’ అని అడిగితే అసలు సంగతి బయటపడింది. ‘మొత్తం తియ్యకు అన్నా. రిసెప్షన్ లైట్లకు మరీ నల్లగ వడ్డది. అది జర తక్కువ చెయ్, సాలు.’

గమనించండి, ఆ ప్రశ్నలో మచ్చ అనే మాటే లేదు. వేలుపెట్టి చూపడమూ లేదు. అమ్మాయి తనంతట తానే చెప్పింది, ఎంతవరకో కూడా చెప్పింది. ఆమె అడిగింది మచ్చ పోగొట్టమని కాదు, లైట్లు చేసిన తప్పు సరిదిద్దమని.

ఇక పని సంగతి. ఈ మచ్చ చదునుగా ఉంది. చర్మంలోని సన్నని రంధ్రాలు, నూగు అన్నీ పక్క చర్మంలాగే ఉన్నాయి. తేడా అంతా రంగులోనే. అందుకే పక్క చర్మాన్ని తెచ్చి అతికించే Healing Brush, Clone Stamp ఇక్కడ ముట్టుకోకూడదు. వాటితో చెంప మైనపు బొమ్మలా తయారవుతుంది. ఫోటోషాప్‌లో Hue/Saturation లేయర్ వేసి ఎరుపు తగ్గించి, మార్పు ఎక్కడ పడాలో చెప్పే మాస్క్ మొత్తం నల్లగా చేసి, మెత్తని బ్రష్‌తో మచ్చ ఉన్నంత మేరే తెల్లగా దిద్దుకోవాలి. మాస్క్ లేకుండా ఎరుపు తగ్గిస్తే పెదాలు, కుంకుమ, పట్టుచీర అన్నీ వెలిసిపోతాయి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఎరుపు ఒక్కటే తగ్గిస్తే మన చామనఛాయ చర్మం బూడిద రంగుకు తిరుగుతుంది. ఎందుకంటే మన రంగు మీద ఈ మచ్చ ఎర్రగా కన్నా ముదురుగా కనిపిస్తుంది. కాబట్టి అదే మాస్క్‌తో Curves లేయర్ వేసి కాస్త వెలుతురు పెంచాలి, పసుపు ఛాయ కొద్దిగా కలపాలి. చివరికి రెండు లేయర్లనూ ఒక గ్రూప్‌లో పెట్టి, Opacity సగానికి దించి, అక్కడి నుంచి అమ్మాయి పక్కన ఉండగా అటూ ఇటూ జరపాలి. ఎక్కడ ఆపాలో ఆమే చెబుతుంది. ఈ అమ్మాయి సగం కన్నా కిందే ఆపమంది.

పని సరిగ్గా కుదిరిందా అన్నది చెంప చూస్తే తెలియదు, చెవి చూస్తే తెలుస్తుంది. చెంప తేలికపడి చెవితమ్మె, మెడ ముదురుగానే మిగిలితే దొరికిపోయినట్టే. చెంపసరాల సందుల్లో, అద్దం ముందు తీసిన ఫోటోలో ప్రతిబింబం మీద కూడా చూసుకోవాలి.

ఒక్క ఫోటోతో అయిపోయేది కూడా కాదిది. ఆల్బమ్‌లో వందల ఫోటోలుంటాయి. క్లోజప్‌లలో మచ్చ పూర్తిగా తీసేసి తలంబ్రాల గుంపు ఫోటోలో వదిలేస్తే, పేజీ తిప్పినప్పుడల్లా మచ్చ వస్తూ పోతూ ఉంటుంది. వీడియోలో ఎలాగూ ఉంటుంది. చూసే చుట్టాలకు అప్పటిదాకా పట్టని మచ్చ అప్పుడు పట్టి చూపినట్టవుతుంది. తగ్గించడం మేలని నేననేది ఇందుకే. తేలికైన మచ్చ పక్క పేజీలో కాస్త ముదురుగా కనిపిస్తే వెలుతురు తేడా అనుకుంటారు. ఇంకో ప్రమాదం డిజైనర్ దగ్గర ఉంది. పేజీ రెండు వైపులా సరిపోవాలని ఫోటోను ఫ్లిప్ చేస్తాడు, ఎడమ చెంప మచ్చ కుడి చెంపకు పోతుంది. డిజైనింగ్ బయట ఇచ్చే స్టూడియోలు ‘ఈ అమ్మాయి ఫోటోలు ఫ్లిప్ చేయొద్దు, ముఖం నున్నగా చేసే స్కిన్ ప్లగిన్ వేయొద్దు’ అని ఫోల్డర్ పేరులోనే రాసి పంపడం మంచిది.

నల్లగొండలో ఉండి పళ్ల గురించి చెప్పకపోతే ఎలా? మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. పంటి ఎనామిల్ చిన్నతనంలోనే, దాదాపు ఎనిమిదేళ్ల లోపు తయారవుతుంది. కాబట్టి తర్వాత మంచి నీళ్లు వచ్చినా పడ్డ చార పోదు. వీళ్లు ఫోటోలో నోరు మూసుకునే నవ్వుతారు. అలాంటి మనిషి నోరారా నవ్విన ఫోటో ఒకటి దొరికి, పళ్లు కాస్త సరిచేయమని అడిగితే చేయాల్సిందే. Yellows తగ్గించి కొద్దిగా వెలుతురు పెంచితే చాలు. కంటి తెలుపు కన్నా పన్ను తెల్లబడితే అది కట్టుడు పళ్ల సెట్టే. పంటికీ పంటికీ మధ్య నీడ చెరగనివ్వొద్దు.

పెళ్లిచూపులకు పంపే ఫోటో దగ్గర మాత్రం నేను కాస్త మొండిగా ఉంటాను. అక్కడ మచ్చ పూర్తిగా తీసేయమని అడిగేది ఎక్కువగా పెద్దవాళ్లే. ఫోటో చూసి వచ్చినవాళ్లు గడప దాటగానే ముఖంలో మార్పు చూపిస్తే, ఆ దెబ్బ తగిలేది ఫోటో పంపినవాళ్లకు కాదు, కాఫీ ట్రే పట్టుకుని నిలబడ్డ అమ్మాయికి. ఆ అమ్మాయే అడిగితే ఈ సంగతి ఒకసారి చెప్పి, ఆపై ఆమె ఇష్టానికి వదిలేయాలి.

అడిగినా చేయకూడనివి కొన్ని ఉన్నాయి. పాస్‌పోర్ట్ ఫోటోలో సాఫ్ట్‌వేర్‌తో ముఖం మార్చకూడదు. పైగా మన పదో తరగతి మెమోలో గుర్తింపు చిహ్నాలుగా రాసేవి ఈ పుట్టుమచ్చలు, గాయం గుర్తులే. కాగితం మీద ‘కుడి చెంపపై పుట్టుమచ్చ’ అని ఉండి, ఫోటోలో నున్నని చెంప ఉంటే ఏ కౌంటర్ దగ్గరో సమాధానం చెప్పుకోవాల్సింది ఆ పిల్లవాడే. ప్రమాదం కేసుకో, పరిహారానికో ఇచ్చే గాయం ఫోటోకైతే రంగు దిద్దడం కూడా తప్పే.

ఇక అడగడానికి మనిషే లేని ఫోటోలు. దశదినకర్మ ఫ్లెక్సీకి ఆధార్ కార్డు ఫోటోనో, పాత గ్రూప్ ఫోటోనో తెచ్చి ‘నీట్‌గా చెయ్యన్నా, సాయంత్రానికి కావాలె’ అంటారు. టెన్షన్‌లో డిజైనర్ మొత్తం ముఖానికి ఒకేసారి ఫిల్టర్ వేస్తాడు. ముసలమ్మ నుదుటి పచ్చబొట్టు కూడా మరకే అనుకుని సాఫ్ట్‌వేర్ తుడిచేస్తుంది. ఆమె చిన్నప్పుడు నొప్పి ఓర్చుకుని పొడిపించుకున్నది అది. మనవరాలు అడిగినా దాన్ని తీయకూడదనే నేనంటాను. అలాంటి ఫోటోను బాగుచేయడమంటే ప్రింట్ మీది మడతలు, చెమ్మ మరకలు తీయడం, వెలిసిన రంగు తేవడం, అంతవరకే.