మొలల ఆయింట్‌మెంటు: మూడు నెలలు రాయమన్నది ఎవరండీ?

"మొలలు ఉన్నవాళ్ళు తప్పక చదవండి! ఆయింట్‌మెంటుకు ముందు యాంటీసెప్టిక్ కలిపిన వేడినీళ్ళతో బాగా రుద్ది కడగాలి. నాజిల్‌కు కొబ్బరినూనె రాసి మొత్తం లోపలికి పంపాలి. ఎడమపక్కకే పడుకోవాలి. మొలలు కరిగేదాకా, మూడు నెలలైనా, ఆపకూడదు. రక్తం పడితే భయపడక రెట్టింపు రాయండి. పదిమందికి పంపండి."

ఎండలు ముదిరాక ఈ మెసేజీ నాకు రావడం ఇది ఆరోసారి. పంపినవాళ్ళలో మా బావమరిది కూడా ఉన్నాడు. తిరుపతి కొర్లగుంటలో మందుల షాపు నడిపే నాకు మందు ఎలా రాయాలో చెప్పడానికి పంపాడట.

కొబ్బరినూనె సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. నాజిల్ కొనకు ఆ ఆయింట్‌మెంటే కొంచెం పూసుకుంటే చాలు.

కడుక్కోవడం మాత్రం నిజంగానే ముందు. కానీ అక్కడ చర్మం ఇప్పటికే వాచి, ఒరుసుకుపోయి ఉంటుంది. దాన్ని మందు నీళ్ళతో రుద్దితే మంట పెరుగుతుంది, చర్మం ఇంకా పొడిబారి దురద మొదలవుతుంది. గోరువెచ్చని మామూలు నీళ్ళు చాలు. తర్వాత మెత్తటి నూలుగుడ్డతో అద్దాలి, తుడవకూడదు. తడి మీద మందు నిలవదు, జారిపోతుంది. చాలామంది అసలు పొరపాటు ఇక్కడే. కడుగుతారు, ఆరనివ్వరు. ఇంకో పొరపాటు, దొడ్డికి వెళ్ళకముందే మందు పెట్టుకోవడం. ఆ మందంతా మలంతోనే బయటికొచ్చేస్తుంది. వెళ్ళొచ్చాక ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి పెట్టుకోండి.

నాజిల్ మొత్తం లోపలికి? ఎందుకు, తిరిగి రాకుండా ఉండడానికా? ట్యూబుకు నాజిల్ బిగించి, కొనలో మందు కనబడేదాకా నొక్కండి. వేలి మొదటి కణుపంత, అంటే రెండు మూడు సెంటీమీటర్లు పోతే చాలు. మెల్లగా నొక్కుతూ వెనక్కి తీసుకోవాలి. అడ్డు తగిలినా, కోసినట్టు నొప్పి వచ్చినా ఆపేయండి. అది మొల కాక చీలిక కావచ్చు, దానికి మందు వేరు. మొల బయటే ఉంటే నాజిల్ అసలు అక్కర్లేదు, వేలితో పలచగా రాస్తే సరి. వాడాక నాజిల్‌ను సబ్బుతో కడిగి ఆరబెట్టండి. ఇంట్లో ఇద్దరికి ఒకే నాజిల్ వద్దని నేను చెప్పాల్సిన పని లేదనుకుంటాను.

ఎడమపక్కకు పడుకోవడం మాత్రం ఒప్పుకుంటున్నాను. ఇన్నాళ్ళూ నేను గొంతుక్కూర్చుని పెట్టుకోమనేవాణ్ణి. ఎడమపక్కకు పడుకుని పై మోకాలు మడిస్తే చెయ్యి తేలిగ్గా అందుతుంది, కండరమూ బిగుసుకోదు. మెసేజీ రాసినవాడికి ఇక్కడ ఒక మార్కు.

ఇక ఆ మూడు నెలలు. ఇది చదివాక నాకు ఓపిక పోయింది.

ఆయింట్‌మెంటు మొలను కరిగించదు. మొలంటే లోపల ఉబ్బిన రక్తనాళాల మెత్త. పైన రాసే మందు వాపును, దురదను, నొప్పిని కొన్నాళ్ళు తగ్గిస్తుంది, అంతే. మన దగ్గర దొరికే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. డబ్బా మీద మందుల పేర్లు చదవండి, చివర "సోన్" అనో "లోన్" అనో ఉంటే చాలామటుకు అదే. "కెయిన్" అని ముగిస్తే మొద్దుబార్చే మందు. స్టెరాయిడ్ ఉన్నది డాక్టరు వేరేగా చెబితే తప్ప వారం దాటించకూడదు.

అలిపిరి రూట్లో ఆటో నడిపే ఒకాయన నెలన్నరలో నాలుగో ట్యూబుకు వచ్చాడు. "అన్నా, అదే ఇంకోటి ఇయ్యి, ఆపితే దురద చంపేస్తా ఉండాది." మొదటి వారం హాయిగా ఉందట. తర్వాత దురద, రాస్తే తగ్గడం, ఆపితే రెట్టింపు. కడుక్కుంటేనే గీరుకుపోతోందట. ట్యూబు ఇవ్వకుండా రుయా ఆసుపత్రి సర్జరీ ఓపీకి పంపాను. చర్మం ఉల్లిపొరలా పలచబడింది, దాని మీద ఫంగస్ కూడా చేరిందన్నారట. మొలలు చిన్నవే, బాధంతా మందు పెట్టిందే! మొద్దుబార్చే మందుకు కూడా కొందరికి ఇలాగే అలర్జీ వచ్చి, దాన్నే మొలల దురద అనుకుని ఇంకా రాస్తారు.

రక్తానికి రెట్టింపు రాయమన్న మహానుభావుడికి దండం. రక్తం మొలల వల్లేనో కాదో ట్యూబుకు తెలియదు. నల్లగా వచ్చినా, మలంలో కలిసి వచ్చినా, నలభై దాటాక మొదటిసారి కనబడినా, వారంలో ఆగకపోయినా డాక్టరుకు చూపించాల్సిందే.

నిన్న సాయంత్రం ఒకాయన ఇదే మెసేజీ చూపించి ట్యూబు అడిగారు. పాతది ఎప్పటి నుంచి వాడుతున్నారని అడిగాను.

"సంక్రాంతి నుంచి" అన్నారు.