నాలుగింతలు కొనొచ్చా అని కాదు, ఏ ధరకు అమ్మేస్తారో చూడండి

ఎంటీఎఫ్‌లో, అంటే బ్రోకర్ అప్పిచ్చే మార్జిన్ ట్రేడింగ్ సదుపాయంలో, షేర్లు కొనేవాళ్లు ఎక్కువమంది చూసుకునేది ఒకే అంకె: చేతిలో ఉన్న డబ్బుకు ఎన్నింతలు కొనొచ్చు. అసలు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ధర ఎక్కడికి దిగితే బ్రోకర్ మన షేర్లను అమ్మేసే పరిస్థితి వస్తుంది? అది కొనకముందే తేల్చుకోగలిగిన లెక్క. తేల్చుకోకుండా అప్పు మీద షేరు కొనడం, కంపెనీ ఎంత మంచిదైనా సరే, తప్పే అంటాను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. షేరు ధర రూ.500. మన డబ్బు 2 లక్షలు, బ్రోకర్ ఇచ్చిన అప్పు 3 లక్షలు, కొన్నవి 1,000 షేర్లు. ఎప్పుడూ నిలిపి ఉంచాల్సిన మన వాటా, అంటే మార్జిన్, షేర్ల విలువలో 25 శాతం అనుకుందాం. అంటే విలువలో 75 శాతానికి మించి అప్పు ఉండకూడదు. ఆ హద్దు తగిలే ధరను గండం ధర అందాం. ఇక లెక్క ఒక్క వరుసే:

```
గండం ధర = ఒక్కో షేరుపై అప్పు ÷ (1 − మార్జిన్)
        = 300 ÷ 0.75 = 400
```

ధర 400 దాటి కిందికి దిగితే మార్జిన్ కాల్ వస్తుంది, అంటే తక్కువపడిన డబ్బు కట్టమని బ్రోకర్ అడుగుతాడు. మన డబ్బు మొత్తం పోవాలంటే ధర 300కు, అంటే 40 శాతం పడాలి. కానీ మన చెయ్యి దాటిపోవడానికి 20 శాతం పతనం చాలు. చాలామంది మొదటి అంకెను గుండెధైర్యంగా పెట్టుకుని రెండోదాని దగ్గర దెబ్బ తింటారు. అన్నట్టు, ఒప్పందంలో మార్జిన్‌ను నేటి విలువపై కాకుండా కొన్న విలువపై లెక్కిస్తామని ఉంటే గండం ధర 400 కాదు, 425. సంతకం పెట్టేముందు చూసుకోవాల్సిన వాక్యం అదే.

కాల్ వచ్చాక ఏమవుతుందో కూడా చూడాలి. ధర 380కి దిగిందనుకోండి. షేర్ల విలువ 3.8 లక్షలు, అప్పు పోను మనది 80 వేలు, ఉండాల్సింది 95 వేలు. తక్కువపడింది 15 వేలే. ఆ 15 వేలు గడువులోగా కట్టలేకపోతే లోటు పూడ్చడానికి బ్రోకర్ అమ్మాల్సింది 15 వేల విలువైన షేర్లు కాదు, 60 వేలవి. అమ్మగా వచ్చిన డబ్బు అప్పుకు జమవుతుంది తప్ప మన వాటాను పెంచదు కాబట్టి లోటుకు నాలుగు రెట్లు అమ్మితే గానీ 25 శాతం కుదరదు. అంటే పడిన ధరకు దాదాపు 158 షేర్లు పోతాయి.

ఇంతవరకు తెలిసినవాళ్లు కూడా పట్టించుకోని సంగతి ఒకటుంది. గండం ధర ఒకచోట నిలబడదు, పైకి పాకుతూ ఉంటుంది. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుంటే ఆరు నెలల్లో 3 లక్షల అప్పు 3,22,500 అవుతుంది. వడ్డీని విడిగా కట్టకపోతే అది లెడ్జర్‌లో బాకీగా చేరి, గండం ధర 400 నుంచి 430కి ఎక్కుతుంది. షేరు 500 దగ్గరే కదలకుండా ఉన్నా, 20 శాతం అనుకున్న జాగా 14 శాతానికి కుంచించుకుపోయింది.

మార్జిన్ శాతమూ స్థిరం కాదు. సెబీ నిబంధనల ప్రకారం ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగంలో ఉన్న షేర్లకు వార్, అంటే వాల్యూ ఎట్ రిస్క్, మార్జిన్‌కు మూడు రెట్ల ఎక్స్‌ట్రీమ్ లాస్ మార్జిన్ కలపాలి, మిగతా వాటికి ఐదు రెట్లు కలపాలి. వార్ అనేది షేరు ఒడిదుడుకుల నుంచి పుట్టే అంకె కాబట్టి మార్కెట్ అల్లకల్లోలంగా ఉన్నప్పుడే పెరుగుతుంది. మన ఉదాహరణలో మార్జిన్ 25 నుంచి 35 శాతానికి పెరిగిందనుకోండి. ఆరు నెలల వడ్డీతో కలిపి 322.50ని 0.65తో భాగిస్తే గండం ధర 496. షేరు మనం కొన్న 500 దగ్గరే ఉంది, ధర ఒక్క రూపాయి పడలేదు, అయినా నాలుగు రూపాయలు దిగితే మార్జిన్ కాల్! అప్పు మీద కొన్నవాళ్లకు అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదేనని నా నమ్మకం.

పడినప్పుడల్లా యావరేజ్ చేసే అలవాటు దీనికి తోడైతే మరీ ప్రమాదం. ధర 450కి వచ్చిందని మరో 200 షేర్లు పూర్తిగా అప్పుతో కొన్నారనుకుందాం. కొన్న సగటు 500 నుంచి దాదాపు 492కి తగ్గింది, మనసుకు హాయిగా ఉంటుంది. కానీ ఒక్కో షేరుపై అప్పు 300 నుంచి 325కి పెరిగింది. గండం ధర 400 నుంచి 433కి ఎక్కింది. ఇప్పుడు 4 శాతం కూడా జాగా లేదు. అవే 200 షేర్లను సగం సొంత డబ్బుతో కొని ఉంటే గండం ధర 383కి దిగేది. యావరేజ్ చేసేటప్పుడు చూడాల్సింది సగటు ధర కాదు, కొత్త షేరు మీద పడే అప్పు 300కు లోపుందా అన్నది.

ఫలానా ధరకు దిగగానే షేరు అమ్ముడయ్యేలా స్టాప్‌లాస్ పెట్టుకుంటే ఈ గొడవంతా ఉండదని వాదించేవాళ్లున్నారు. మామూలు రోజుల్లో ఆ మాటలో నిజముంది. కానీ మార్కెట్ తెరుచుకోవడమే కిందికి తెరుచుకుంటే స్టాప్‌లాస్ మనం రాసుకున్న ధరకు తెగదు. ఆ రోజుకు పడగలిగినంతా పడి లోయర్ సర్క్యూట్‌లో ఇరుక్కున్న షేరుకైతే కొనేవాడే ఉండడు. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజులో దాదాపు 13 శాతం పడింది. మంచి షేర్లు మళ్లీ లేస్తాయన్నదీ నిజమే, అదే ఏడాది నవంబర్‌కల్లా నిఫ్టీ పాత శిఖరం దాటింది. మార్చిలో షేర్లు అమ్ముడైపోయినవాళ్లకు ఆ లేవడంలో వాటా లేదు.

అందుకే లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. 2020 జనవరి శిఖరం నుంచి మార్చి అడుగుకు నిఫ్టీ దాదాపు 40 శాతం పడింది. విడి షేరు అంతకంటే ఎక్కువే పడగలదు, అయినా 40 శాతాన్నే కనీసంగా తీసుకుందాం. 500 షేరు 300కు వచ్చినా, మార్జిన్ 35 శాతానికి పెరిగినా, ఆరు నెలల వడ్డీ చేరినా నిలబడాలి. 300ను 0.65తో గుణిస్తే 195. వడ్డీ కోసం దాన్ని 1.075తో భాగిస్తే 181. ఒక్కో షేరుపై మొదట తీసుకోదగిన అప్పు అంతే. 2 లక్షల సొంత డబ్బుకు అప్పు దాదాపు 1.14 లక్షలు, 3 లక్షలు కాదు. నాలుగింతలు కొనొచ్చని బ్రోకర్లు చేసే ప్రకటన వెనక భరించగలిగింది ఒకటిన్నర ఇంతలే. మార్జిన్‌గా నగదు కాకుండా వేరే షేర్లు ప్లెడ్జ్ చేస్తే అంత కూడా కుదరదు. పతనం రోజున అవీ కలిసే పడతాయి.

చిన్న మదుపరి దగ్గరే ఆగే లెక్క కాదిది. 2008 డిసెంబర్‌లో రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ సంస్థల కొనుగోలు ప్రయత్నం బెడిసికొట్టి సత్యం షేరు కూలినప్పుడు, ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లను అప్పిచ్చిన సంస్థలు అమ్మేశాయి. తాకట్టు విషయం మామూలు వాటాదారుకు ముందుగా తెలిసే దారే లేదు. 2009 జనవరి 7న లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చాకే సెబీ ప్రమోటర్ల తాకట్టు వివరాలు వెల్లడించాలని తప్పనిసరి చేసింది. ప్రమోటరుకు పెట్టిన ఆ షరతు బ్రోకర్‌కు ఎందుకు ఉండకూడదు? ఎంటీఎఫ్ హోల్డింగ్ పక్కన సగటు ధరతోపాటు గండం ధర, ఆ రోజు వడ్డీ, ఆ రోజు మార్జిన్‌తో లెక్కించి, ప్రతి యాప్‌లో కనిపించాలని సెబీ ఆదేశించాలి. అప్పు, షేర్ల సంఖ్య, మార్జిన్ శాతం మూడూ బ్రోకర్ సిస్టమ్‌లో ఉన్నవే. మార్జిన్ కాల్ పంపడానికి రోజూ వేసే లెక్కనే ఒక గడిలో చూపించమంటున్నాం.