పొగ పక్కింటిది, అర్జీ ఎవరికి?

తిరుపతిలో కొర్లగుంట వైపు ఒక సందులో నాకు బాగా తెలిసిన రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. ఏడాదిన్నర కిందట ఆమె పక్కింటిని దాని యజమాని క్యాటరింగ్ వాళ్లకు అద్దెకిచ్చారు. లాడ్జీలకీ హాస్టళ్లకీ టిఫిన్లు పంపే వంటిల్లు అది. పెరట్లో రేకుల షెడ్డు, దాని కింద మూడు కట్టెల పొయ్యిలు, ప్రహరీకి ఆనించి ఒక ఇనప గొట్టం. ఆ గొట్టం మూతి సరిగ్గా ఈమె పడకగది కిటికీ ఎత్తులో ఉంటుంది. తెల్లవారుజామున మూడున్నరకి పొయ్యి రాజేస్తారు. ఆరింటికి మేడ మీద ఆరేసిన తెల్ల పంచె చూస్తే మసి నలుసులు. దులిపితే పోవు, రుద్దితే పాకుతాయి.

ఈ ఏడాదిన్నరలో ఆమె చేసిందల్లా అర్జీలు పెట్టడం. సోమవారం గ్రీవెన్సులో రెండు, వార్డు సచివాలయంలో ఒకటి, స్టేషన్‌లో ఒకటి. ఒకసారి సిబ్బంది వచ్చి చూసి జరిమానా రాసి వెళ్లారు. నాలుగు రోజులు గ్యాస్ మీద వండారు, ఐదో రోజు మళ్లీ కట్టెలు. స్టేషన్‌లో మర్యాదగానే కూర్చోబెట్టి, ‘అమ్మా, ఇది సివిల్ మేటర్’ అన్నారు. ఆ మాటకి ఆమె చాలా బాధపడింది, తనని తప్పించుకోవడానికే అలా అన్నారనుకుంది. నేనంటాను, ఈ ఏడాదిన్నరలో ఆమెకి దొరికిన సరైన సలహా అదొక్కటే. దాన్ని ఎవరూ విడమరిచి చెప్పలేదు, అంతే.

చట్టం దృష్టిలో ఇబ్బంది రెండు రకాలు. ఊరినో వీధినో పీడించేది పబ్లిక్ న్యూసెన్స్. అది నేరం కూడా. భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్ దాన్ని నిర్వచిస్తే, 292వ సెక్షన్ వెయ్యి రూపాయల దాకా జరిమానా వేస్తుంది. ఆర్డీవో స్థాయి మేజిస్ట్రేట్ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద తొలగించమని ఉత్తర్వు ఇవ్వగలిగేది కూడా ఈ రకానికే. నీ ఒక్క కిటికీలోకి, నీ ఒక్క పడకగదిలోకి వచ్చే పొగ ప్రైవేట్ న్యూసెన్స్. దాని మందు సివిల్ కోర్టులోనే ఉంది. అధికారుల గడప ఎన్నిసార్లు తొక్కినా, వాళ్లు ఎంత మంచివాళ్లయినా, తమ చేతిలో లేనిది ఇవ్వలేరు కదా.

ఈ హక్కు నిన్న మొన్నటిది కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఏడో సెక్షన్ కింద ఉదాహరణలు చదవండి. తన స్థలం మీదికి వచ్చే గాలిని ఇతరులు అతిగా కలుషితం చేయకుండా చూసుకునే హక్కు ప్రతి యజమానికీ ఉందని అందులో ఉంది. చప్పుడుతోనూ అదురుతోనూ ఇంటి సుఖం చెడగొట్టకూడదని ఆ పక్కనే ఉంది. ఆ చట్టం మొదట్నుంచీ వర్తించిన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి, తిరుపతి అప్పట్లో అందులోదే. అంటే మన తాతల కాలం నుంచే ఈ వీధుల్లో ఉన్న హక్కు ఇది.

పక్కింటి మామిడి కొమ్మ మన గోడ దాటి వస్తే పని తేలిక. వాళ్ల స్థలంలోకి అడుగు పెట్టకుండా, మన హద్దు మీదికి వచ్చినంత మేరకి కోసుకోవచ్చు. ఇంగ్లండ్ హౌస్ ఆఫ్ లార్డ్స్ 1894లో చెప్పిన ఈ సూత్రాన్నే మన కోర్టులూ పాటిస్తున్నాయి. కోసిన కొమ్మ, దాని కాయలు మాత్రం చెట్టు యజమానివే. చిత్తూరు వైపు తగాదాలన్నీ కొమ్మ దగ్గర కాదు, కాయ దగ్గరే మొదలవుతాయనుకోండి, అది వేరే సంగతి. పొగని మాత్రం కొడవలితో కోయలేం. అందుకే పొగ ఆపమని కోర్టు ఇచ్చే ఆదేశం, అంటే ఇంజంక్షన్ కావాలి.

ఇక్కడ మన హైకోర్టు మాట ఒకటి ఉంది, లాయర్లకి తెలుసు గానీ జనానికి తెలియదు. 1986 లా రిపోర్టుల్లో ఉన్న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు అది. పక్కింటి పొగగొట్టానికి వాది ఇంటి వైపు ఉన్న రంధ్రాలు మూసేయాలని కింది కోర్టు ఇచ్చిన ఆదేశాన్ని హైకోర్టు నిలబెట్టింది. ఆరోగ్యం పాడైందని నిరూపించక్కర్లేదు, మామూలు మనిషి ఇంట్లో ఉండే సుఖానికి గట్టిగా దెబ్బ తగిలితే చాలంది. ఈ వీధిలో ఇంకా పది పొయ్యిలున్నాయిగా అనే జవాబు కూడా చెల్లదు. ఈ పొగ ఉన్న బాధని ఇంకా పెంచుతోందా లేదా అన్నదే ప్రశ్న. ఈ చివరి మాట తిరుపతి కోసమే రాశారా అనిపిస్తుంది నాకు.

మరి టీచరమ్మ చేయాల్సిందేమిటి? ముందు లాయర్ నోటీసు. అది అద్దెకున్న క్యాటరింగ్ మనిషికి ఒకటి, ఆ పని కోసమే ఇల్లు అద్దెకిచ్చిన యజమానికి ఒకటి. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి. లేకపోతే రేపు ఈయన ఖాళీ చేసి ఇంకొకాయన దిగితే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆ తర్వాత దావా. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 38వ సెక్షన్ కింద ఇక మీదట పొగ వదలకూడదని శాశ్వత ఇంజంక్షన్, 39 కింద గొట్టాన్ని సరిచేయాలని మాండేటరీ ఇంజంక్షన్, కావాలంటే నష్టపరిహారం.

ఇక్కడే చాలామంది దావా చెడగొట్టుకుంటారు. కోపంలో ‘వంటిల్లే మూసేయించండి’ అని అడుగుతారు. కోర్టు ఒక మనిషి బతుకుతెరువు మొత్తం ఆపడానికి వెనకాడుతుంది. ఇంకొందరు ‘ఇబ్బంది కలిగించకుండా ఆదేశించండి’ అని వదిలేస్తారు. డిక్రీ వస్తుంది గానీ అమలు దగ్గర ఏది ఇబ్బంది, ఏది కాదు అని ఇంకో నాలుగేళ్లు వాదన. సరైన అడగడం ఇలా ఉంటుంది: ప్రహరీకి ఆనించిన గొట్టాన్ని తీసి, వాది ఇంటి కిటికీల కంటే, పైకప్పు కంటే ఎత్తుకి తీసుకెళ్లాలి, వాది ఇంటి వైపు తెరిచిన మూతి ఉండకూడదు. టేపు పెట్టి కొలవగలిగేది అడిగితేనే రేపు అమలు చేయించగలరు.

దావాతో పాటే మధ్యంతర ఇంజంక్షన్ పిటిషన్, దాంతో పాటే అడ్వొకేట్ కమిషనర్ కోసం ఇంకో పిటిషన్ వేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్ తొమ్మిదో రూల్ అది. కోర్టు నియమించిన లాయర్ స్వయంగా వచ్చి చూసి రిపోర్టు ఇస్తారు. గొట్టానికీ కిటికీకీ మధ్య ఎన్ని అడుగులు, మూతి ఎటు తిరిగింది, కిటికీ మెష్ మీద మసి ఎంత మందం, గోడ రంగు ఎక్కడి దాకా నల్లబడింది అనేవి కాగితం మీదికి వస్తాయి. నా దృష్టిలో ఈ దావాకి ప్రాణం ఈ రిపోర్టే. కానీ రెండు జాగ్రత్తలు. పిటిషన్‌లో ‘న్యూసెన్స్ ఉందో లేదో తేల్చడానికి’ అని రాస్తే, సాక్ష్యం పోగేయడానికి కమిషనర్‌ని పంపం అని కొట్టేస్తారు. అక్కడున్న భౌతిక పరిస్థితిని నమోదు చేయడానికి అని రాయాలి. రెండోది, టైము. మధ్యాహ్నం మూడింటికి వచ్చే కమిషనర్‌కి కనిపించేవి చల్లారిన పొయ్యిలూ, కడిగిన గిన్నెలే. తెల్లవారుజామున తనిఖీ చేయాలని పిటిషన్‌లోనే అడగాలి. ఆ రోజుకి వాళ్లు గ్యాస్‌కి మారినా మసి ఎక్కడికీ పోదు, పంచె మీద చూశాం కదా.

ఇప్పుడు ఆలస్యం సంగతి. పొగ రోజూ వచ్చేది కాబట్టి దావాకి కాలదోషం పట్టదు. లిమిటేషన్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఇబ్బంది కొనసాగినంత కాలం గడువు ఎప్పటికప్పుడు కొత్తగా మొదలవుతుంది. కానీ మధ్యంతర ఉత్తర్వు వేరు. ‘ఏడాదిన్నర ఊరుకున్నవాళ్లకి ఇవాళే అంత తొందరేమిటి’ అని జడ్జిగారు అడిగితే లాయర్ నీళ్లు నమలాల్సిందే. అర్జీల రసీదులు ఇక్కడ ఒక్క పనికి వస్తాయి: ఆమె ఒప్పుకుని ఊరుకోలేదని చూపడానికి. అలాగని పొయ్యి వెలగకముందే పరిగెత్తినా లాభం లేదు. పక్కింట్లో పెట్టబోయే బేకరీ పొయ్యి గురించి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2000లో ఇదే చెప్పింది. ఇబ్బంది రావచ్చు అనే అనుమానం చాలదు, అది ఖాయంగా, దగ్గర్లో కనిపించాలి. కాబట్టి పొగ మొదలైన తొలి నెలల్లోనే, డైరీలో తేదీలతో, ఫొటోలతో వెళ్లినవాళ్ల చెయ్యే పైన ఉంటుంది.

సివిల్ కోర్టు అంటే ఏళ్లూ పూళ్లూ, పక్కింటితో జన్మవైరం అంటారు. పూర్తిగా అబద్ధమని నేననను. తుది డిక్రీకి ఏళ్లు పట్టొచ్చు. కానీ ఈ రకం కేసుల్లో అసలు మార్పు మొదటి దశలోనే వస్తుంది. మధ్యంతర ఉత్తర్వు ఉల్లంఘిస్తే 39వ ఆర్డర్ 2ఏ రూల్ కింద ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు. కమిషనర్ రిపోర్టు చేతిలో పడ్డాక ఎదుటి లాయరే ‘గొట్టం పైకెత్తించుకో, పోతుంది’ అని చెబుతాడు. కోర్టు మెట్లు అసలే వద్దంటే దావాకి ముందే లోక్ అదాలత్‌కి వెళ్లొచ్చు. అక్కడ రాజీ కుదిరితే దాని మీద ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఇక వైరం అంటారా, మసి పడుతున్న ఇంట్లో స్నేహం ఎక్కడ మిగిలింది?

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. మనం అన్నిటికీ అర్జీదారులుగా మిగిలిపోతున్నాం. అర్జీ పెట్టినవాడు దయ కోసం ఎదురుచూస్తాడు. ఫోన్‌లో ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని మెసేజ్ వస్తే, కిటికీలోంచి పొగ వస్తూ ఉంటే, మళ్లీ ఇంకో అర్జీ రాస్తాడు. దావా వేసినవాడు వాది. అతని పిటిషన్‌కి నంబరు పడుతుంది, ఎదుటివాడు కౌంటర్ దాఖలు చేయాలి, కోర్టు కారణాలు రాసి మరీ ఉత్తర్వు ఇవ్వాలి. అది నచ్చకపోతే పైకోర్టుంది. ఇంత బలమున్న దారిని భయపడి వదిలేసి, సోమవారం క్యూలో టోకెన్ కోసం నిలబడటం మనకి అలవాటైపోయింది. దానికి తోడు తిరుపతిలో ఇంకో సాకు ఉంది. ‘యాత్రికుల ఊరు కదమ్మా, సర్దుకోవాలి’ అంటారు. యాత్రికుడి ఇడ్లీకి పక్కింటి ముసలామె తన ఊపిరితో ఎందుకు ధర చెల్లించాలి? ట్రేడ్ లైసెన్సు చూపించినా ఇదే జవాబు. లైసెన్సు వ్యాపారం చేసుకోవడానికి ఇచ్చింది, పక్కింట్లోకి పొగ పంపడానికి కాదు.

పోయిన వారం టీచరమ్మ ఇంటికి వెళ్లాను. అర్జీల ఫైలు పక్కన పెట్టి కొత్త నోటుబుక్కు తీశారు. తేదీ, పొయ్యి వెలిగిన టైము, ఆరిన టైము, కిటికీ మూసుకున్నదీ లేనిదీ గళ్లు గీసి రాస్తున్నారు. ముప్పై ఏళ్లు హాజరు పట్టీ రాసిన చెయ్యి, ఒక్క గడి ఖాళీ లేదు. మసి పట్టిన పంచెని ఉతక్కుండా కవర్లో పెట్టి, మీద తేదీ రాసి బీరువాలో దాచారు. ‘కమిషనర్ ఎన్నింటికొస్తాడు సార్?’ అని అడిగారు. మూడున్నరకి రమ్మని అడుగుదామన్నాను. ‘కాఫీ పెట్టి ఉంచుతాలే,’ అన్నారు.