అన్నిటికీ ఒకటే "బాగుంది"

రామకృష్ణా బీచ్‌లో సూర్యోదయం చూసి వచ్చిన మా మేనకోడలిని ఎలా ఉందని అడిగితే "బాగుంది అత్తా" అన్నది. మధ్యాహ్నం నేను పెట్టిన ముద్దపప్పూ బాగుందట, సాయంత్రం చూసిన సినిమా కూడా బాగుందట. నెయ్యి వేసిన పప్పు కమ్మగా ఉంటుంది, ఆవకాయ ఘాటుగా ఉంటుంది, ఉప్పు తగ్గిన పులుసు చప్పగా ఉంటుంది. చప్పగా ఉందంటే వండిన మనిషి ఉప్పు డబ్బా అందుకుంటుంది గాని, "బాలేదు" అంటే దేనికోసం చెయ్యి చాపాలి?

మనసు సంగతికి వచ్చేసరికి ఈ మాటల పిసినారితనం మరీ బాధిస్తుంది. మధురవాడలో హాస్టల్‌లో చేరిన తొలి వారమే ఆ పిల్ల ఫోన్ చేసి "ఇక్కడేమీ బాలేదు" అన్నది. అది బెంగ అయితే ఇంటి మీదో, అమ్మ మీదో పెట్టుకున్నది కాబట్టి ఆదివారం వెళ్లి చూసి వస్తే తీరుతుంది. దిగులు అయితే రేపు ఏమవుతుందోనన్న భయం కూడా అందులో కలిసి ఉండవచ్చు. ఎవరో అన్న మాటకు నొచ్చుకున్నదా, లేక తిరిగి జవాబు చెప్పలేక లోలోపల రగిలే ఉక్రోషమా? నాలుగు రోజులు గుచ్చి గుచ్చి అడిగాక తేలినది ఉక్రోషమే; గదిలోని పిల్లలు ఆమె యాసను వెక్కిరించారట.

నేనేమో అప్పటికే, తిండి బాలేదు కాబోలనుకుని, ఆవకాయ జాడీ పంపేశాను. అదీ బాగుందట.